ఒకే మెయిల్‌కు ఇద్దరు జవాబివ్వకుండా ఉమ్మడి సపోర్ట్ మెయిల్‌బాక్స్ నడపడం ఎలా?

వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానాలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణం మాది. కస్టమర్ల మెయిల్స్ అన్నీ ఒకే చిరునామాకు వస్తాయి. వాటిని కౌంటర్‌లో ఉండే చెల్లె, గోడౌన్ చూసుకునే అన్న, లెక్కలు చూసే నేను చూస్తుంటాం. "మీరు ముగ్గురు ఒకే మెయిల్ చూస్తారు గదా, జవాబులు కలగాపులగం కావా?" అని తెలిసిన దుకాణాల వాళ్లు అడుగుతూనే ఉంటారు. మొదట్లో అయ్యేవి. ఇప్పుడు మేం పాటిస్తున్న వరుసను ఇక్కడ రాస్తున్నాను. మేం జీమెయిల్ వాడతాం కాబట్టి ఉదాహరణలు కూడా అందులోవే.

## 1. తప్పు ఎక్కడ జరుగుతుందో ముందు పట్టుకోండి

కరీంనగర్ నుంచి ఒక మేడం 4×6 జంపఖానా ఆర్డర్ చేస్తే 3×5 అందింది. ఆమె ఫిర్యాదు 10:40కి వచ్చింది.

10:52కి చెల్లె దాన్ని తెరిచింది. స్టాక్ ఉందో లేదో కనుక్కుందామని లేచి వెళ్లింది. గోడౌన్‌లో అన్న లేడు, ర్యాక్‌లో 4×6 కనబడలేదు.

10:55కి అన్న బయట నుంచే ఫోన్‌లో అదే మెయిల్ చూశాడు. మగ్గం దగ్గరి నుంచి కొత్త సరుకు సాయంత్రానికి వస్తుందని ఆయనకు తెలుసు. "రేపు సరైన సైజు పంపిస్తాం" అని జవాబు కొట్టేశాడు.

11:03కి చెల్లె తిరిగొచ్చి, ముందే తెరిచి ఉంచిన స్క్రీన్‌లోనే "స్టాక్ లేదు, మీ 1,450 రూపాయలు వాపసు చేస్తున్నాం" అని రాసి పంపింది.

మేడం మంచిది కాబట్టి ఫోన్ చేసి "ఏమ్మా, రెండు మెయిల్స్ వచ్చినయి, దేన్ని నమ్మాలె?" అని అడిగింది. అడగకపోతే డబ్బూ పోయేది, సరుకూ పోయేది.

ఇద్దరూ చేసిన పనిలో తప్పేమీ లేదు. చెల్లె మెయిల్ చూసినప్పటికీ పంపినప్పటికీ మధ్య 11 నిమిషాలు గడిచాయి. ఆ 11 నిమిషాలూ అది తన చేతిలో ఉందని మిగతావాళ్లకు తెలిపే గుర్తేదీ లేదు. మెయిల్ 'చదివినది'గా మారింది, నిజమే. కానీ చదివినంత మాత్రాన ఎవరో దాన్ని తీసుకున్నారని కాదు. ఊరికే తొంగిచూసి వదిలేసినా అది చదివినట్టే కనిపిస్తుంది.

కాబట్టి మనకు రెండు కావాలి. మెయిల్ తీసుకున్నట్టు అందరికీ కనిపించే గుర్తు ఒకటి. పంపే ముందు ఆ గుర్తును మళ్లీ ఒకసారి చూసుకునే అలవాటు ఇంకొకటి.

## 2. రాయడం మొదలుపెట్టే ముందు సర్దుకోవాల్సినవి

ఒకే పాస్‌వర్డ్‌ను ముగ్గురు వాడటం మానేయండి. ఎవరు ఏం పంపారో తర్వాత తేలదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అకౌంట్ల ట్యాబ్ కింద `Grant access to your account` ఉంటుంది. అక్కడ మిగతావాళ్ల చిరునామాలు కలిపితే ఎవరి లాగిన్‌తో వాళ్లు ఉమ్మడి పెట్టెలోకి రావచ్చు. మామూలు జీమెయిల్ ఖాతాకు ఇలా 10 మంది వరకు కలపొచ్చు. వాళ్లకు వెళ్లే ఆహ్వానాన్ని వారం లోపు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక పెట్టె కనబడటానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. అందుకని పండుగ సేల్ ముందురోజు ఈ పని పెట్టుకోకండి.

అదే చోట ఇంకో చిన్న ఎంపిక ఉంది. చాలామంది దాని జోలికే వెళ్లరు. ఇతరులు తెరిచినప్పుడు మెయిల్ చదివినట్టు మారాలా, చదవనట్టే ఉండాలా అని అడుగుతుంది. `Leave conversation unread when opened by others` ఎంచుకోండి. అప్పుడు ఎవరైనా తొంగిచూసి వెళ్లినా మెయిల్ బోల్డ్‌గానే ఉంటుంది. చదివిన గుర్తును నమ్మి మోసపోయే అవకాశం అక్కడితో పోతుంది.

తర్వాత ఒక్కొక్కరికి ఒక లేబుల్ చేయండి. మావి ఇవి:

- పట్టు-కౌంటర్
- పట్టు-గోడౌన్
- పట్టు-లెక్కలు

ఒక్కోదానికి ఒక్కో రంగు ఇవ్వండి. జాబితాలో దూరం నుంచే తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది 'తీసుకున్నాం' అని ఒకే లేబుల్ చేసి చేతులు దులుపుకుంటారు. మేమూ మొదట అదే చేశాం, పనిచేయలేదు. ఇద్దరూ ఒకే నిమిషంలో ఆ లేబుల్ వేశారనుకోండి. మెయిల్ మీద కనిపించేది ఒక్క 'తీసుకున్నాం' మాత్రమే. చెల్లె అది తనదే అనుకుంటుంది, అన్న తనదే అనుకుంటాడు. గొడవ జరిగిందన్న సంగతే లేబుల్ దాచేస్తుంది. మనిషికో లేబుల్ ఉంటే ఇద్దరూ వేసినప్పుడు రెండు రంగులు పక్కపక్కనే కనబడతాయి. ఢీకొనడం ఆగకపోయినా కంటికి కనిపిస్తుంది. కనిపిస్తే సరిచేసుకోవచ్చు.

## 3. తీసుకునే వరుస

ఎవరూ పట్టని మెయిల్స్ చూడటానికి సెర్చ్ పెట్టెలో ఇది కొట్టండి:

```
in:inbox has:nouserlabels
```

ఇన్‌బాక్స్‌లో ఉండి, మనం చేసిన ఏ లేబుల్ లేనివి వస్తాయి. ఫిల్టర్లతో 'ఆర్డర్లు', 'బిల్లులు' లాంటి లేబుల్స్ వాటంతట అవే పడేలా పెట్టి ఉంటే ఈ సెర్చ్ పనికిరాదు. అవి కూడా లేబుల్సే కాబట్టి కొత్త మెయిల్ జాబితాలోకే రాదు. ఆ ఫిల్టర్లు తీసేయండి.

ఇంకో సంగతి. జీమెయిల్‌లో లేబుల్ పడేది మెయిల్ మీద, మొత్తం సంభాషణ మీద కాదు. మనం పట్టిన సంభాషణలో కస్టమర్ మళ్లీ ఏదైనా రాస్తే, ఆ కొత్త మెయిల్ వల్ల సంభాషణ ఈ జాబితాలోకి మళ్లీ రావచ్చు. పక్కన పేరు లేబుల్ కనిపిస్తే అది ఆ మనిషిదే, వదిలేయండి.

జాబితా నుంచి ఒకటి తీసుకునేటప్పుడు:

1. పేజీ రిఫ్రెష్ చేయండి. అరగంట కిందటి జాబితాను చూస్తూ పని మొదలుపెట్టొద్దు.
2. మెయిల్ తెరవకముందే, జాబితాలో ఉండగానే మీ లేబుల్ వేయండి.
3. ఇరవై సెకన్లు ఆగి, సెర్చ్ తీసేసి మామూలు ఇన్‌బాక్స్‌ను రిఫ్రెష్ చేసి చూడండి. లేబుల్ పడిన మెయిల్ పై సెర్చ్‌లో ఇక కనబడదు. మీ రంగు ఒక్కటే ఉంటే అది మీది.
4. ఇప్పుడు తెరిచి చదవండి, కనుక్కోండి, రాయండి.
5. పంపే ముందు సంభాషణ అడుగు దాకా చూడండి. మీరు రాస్తున్నంతలో కొత్త మెయిల్ ఏమైనా వచ్చిందా, ఇంకో రంగు చేరిందా చూసుకోండి.
6. పంపండి. పని అయిపోతే ఆర్కైవ్ చేయండి.

రెండో మెట్టు చాలామందికి ఎదురు తిరిగినట్టు అనిపిస్తుంది. చదవకుండా ఎలా తీసుకోవాలి, నాకు తెలియని విషయమైతే అంటారు. తెలియకపోతే చదివాక లేబుల్ తీసేయండి, లేదా తెలిసినవాళ్ల లేబుల్ వేసి మీది తీసేయండి. పది సెకన్ల పని అది. ముందు చదివి తర్వాత పట్టే పద్ధతిలో, చదివే సమయమంతా మెయిల్ ఎవరికీ చెందకుండా ఉంటుంది. కరీంనగర్ మేడం మెయిల్ పాడైంది ఆ సందులోనే.

ఆర్కైవ్ చేసేటప్పుడు లేబుల్ తీయొద్దు. కస్టమర్ మళ్లీ రాస్తే ఆ సంభాషణ తిరిగి ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. పాత రంగు ఉంటే ఎవరు మాట్లాడుతున్నారో వెంటనే తెలుస్తుంది.

## 4. ఇద్దరి లేబుళ్లూ పడితే

మూడో మెట్టులో రెండు రంగులు కనిపించాయనుకోండి. అప్పుడు "నువ్వు చెయ్", "కాదు నువ్వే చెయ్" అనుకుంటూ కూర్చుంటే ఇద్దరూ వదిలేస్తారు, లేదా ఇద్దరూ మళ్లీ మొదలుపెడతారు. అలా ఇద్దరూ వదిలేసిన మెయిల్ మా దగ్గర ఒకసారి రెండు రోజులు అలాగే పడి ఉంది.

అందుకే ముందే ఒక వరుస రాసి గోడకు అతికించాం: కౌంటర్, గోడౌన్, లెక్కలు. రెండు లేబుల్స్ పడితే వరుసలో ముందున్నవాళ్లది ఉంటుంది. వెనకున్నవాళ్లు తమది తీసేసి ఇంకో మెయిల్‌కు వెళ్తారు. ఇందులో పెద్దాచిన్నా ఏమీ లేదు, మర్యాదలు అక్కర్లేదు, ఫోన్ కూడా అక్కర్లేదు. ఇద్దరూ ఒకే కాగితం చూస్తారు కాబట్టి ఇద్దరికీ ఒకే సమాధానం వస్తుంది.

ఇరవై సెకన్లు ఎందుకు ఆగాలంటే, ఒకరు వేసిన లేబుల్ ఇంకొకరి స్క్రీన్ మీదికి చేరడానికి కొంత టైమ్ పడుతుంది. లేబుల్ వేసిన మరుక్షణమే చూస్తే ఇద్దరికీ తమ రంగే కనబడి, ఇద్దరూ ముందుకు పోతారు. మీ నెట్ నెమ్మదిగా ఉంటే అర నిమిషం ఆగండి.

## 5. ఒకే మనిషి, రెండు మెయిల్స్

పైన చెప్పిందంతా ఒక సంభాషణకు ఒక మనిషి ఉండేలా చూస్తుంది. కస్టమర్లు మాత్రం అలా పద్ధతిగా రాయరు. పొద్దున ఒక సబ్జెక్ట్‌తో రాస్తారు. గంటలో జవాబు రాకపోతే "అర్జెంట్" అని సబ్జెక్ట్ పెట్టి ఫోటోలతో ఇంకోటి పంపుతారు. సబ్జెక్ట్ మారింది కాబట్టి అది వేరే సంభాషణ అవుతుంది, దాని మీద లేబుల్ ఏదీ ఉండదు. ఒకటి చెల్లె పట్టుకుంటుంది, ఇంకోటి అన్న పట్టుకుంటాడు. ఇద్దరూ నియమం తప్పలేదు, అయినా మనిషికి రెండు జవాబులు వెళ్తాయి.

దీనికి మందు మీ లేబుల్ వేసిన వెంటనే చేసే ఒక సెర్చ్:

```
from:customer@example.com newer_than:14d
```

అదే చిరునామా నుంచి 14 రోజుల్లో వచ్చినవన్నీ వస్తాయి. వాటిలో ఏదైనా ఇంకొకరి రంగులో ఉంటే కొత్తదానికి కూడా వాళ్ల రంగే వేసి, మీది తీసేయండి. దేని మీదా ఇంకొకరి రంగు లేకపోతే రెండింటికీ మీ రంగే ఉండేలా చూసుకుని, కొత్తదానికి మాత్రమే జవాబు రాయండి. అందులోనే "మీరు పొద్దున రాసింది కూడా చూశాం" అని ఒక ముక్క చేర్చండి.

భర్త మెయిల్‌తో ఆర్డర్ పెట్టి, భార్య తన మెయిల్ నుంచి ఫిర్యాదు చేసే ఇళ్లు కూడా ఉంటాయి. అప్పుడు చిరునామాతో దొరకదు. ఆర్డర్ నంబర్‌తో ఇంకోసారి వెతకండి. ఆర్డర్ నంబర్ లేని మెయిల్ వస్తే ముందు అది అడగడమే మేలు.

## 6. పట్టుకుని వదిలేసిన మెయిల్

లేబుల్ వేసి భోజనానికి వెళ్లినవాళ్లు, జ్వరమొచ్చి ఇంటికి వెళ్లినవాళ్లు ఉంటారు. మెయిల్ రంగు వేసుకుని కూర్చుంటుంది, మిగతా ఇద్దరూ అటువైపు చూడరు. డబుల్ జవాబు భయంతో తెచ్చిన పద్ధతే అసలు జవాబు రాకుండా చేస్తుంది.

మా దగ్గర గడువు రెండు గంటలు. ఈ లోపు జవాబు వెళ్లకపోతే ఎవరైనా తీసుకోవచ్చు. అయితే మౌనంగా కాదు. ముందు "అన్నా, గిది ఇంకా నీ దగ్గరనే ఉందా?" అని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాలి. పది నిమిషాల్లో జవాబు రాకపోతే ఆయన లేబుల్ తీసేసి మనది వేసుకోవాలి.

లేబుల్ తీసేయడం తప్పనిసరి. తీయకపోతే ఆయన సాయంత్రం వచ్చి తన రంగు చూసి, తనదే అనుకుని రాసేస్తాడు. అందుకే ఐదో మెట్టు మానొద్దు. గంటల తర్వాత తిరిగొచ్చిన మనిషి పంపే ముందు ఒకసారి రంగు చూస్తే చాలు, ఆగిపోతాడు.

డ్రాఫ్ట్‌తో కూడా జాగ్రత్త. ఉమ్మడి పెట్టెలో సగం రాసిన జవాబు అందరికీ కనిపిస్తుంది. ఇంకొకరి డ్రాఫ్ట్‌ను తెరిచి పూర్తిచేసి పంపొద్దు. అందులో ఆయన కనుక్కోకుండా రాసి పెట్టుకున్న రేటు ఉండొచ్చు.

## 7. ఫోన్‌తో వచ్చే చిక్కులు

మా దగ్గర జరిగిన తప్పుల్లో ఎక్కువ భాగం ఫోన్ నుంచే. మెయిల్ వచ్చినట్టు నోటిఫికేషన్ వస్తుంది, దాని కిందే రిప్లై బటన్ ఉంటుంది. అక్కడి నుంచి జవాబు కొడితే లేబుల్ కనబడదు, సంభాషణ కనబడదు. కళ్లు మూసుకుని పంపినట్టే.

రెండోది ఇంకా మోసం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో కూర్చుని అన్న ఒక జవాబు రాశాడు. సిగ్నల్ లేదు. మెయిల్ ఫోన్‌లోని అవుట్‌బాక్స్‌లో ఆగింది. దుకాణంలో ఉన్న మాకు ఏదీ కనబడదు కాబట్టి చెల్లె పట్టుకుని జవాబు ఇచ్చేసింది. భువనగిరి దగ్గర సిగ్నల్ రాగానే అన్నది కూడా వెళ్లిపోయింది. రైల్లో లేబుల్ వేసినా ఇదే కథ, ఎందుకంటే ఆ లేబుల్ కూడా సిగ్నల్ వచ్చేదాకా ఫోన్ దాటదు.

ఫోన్‌లో సపోర్ట్ మెయిల్ ఉంచుకునేవాళ్లు ఇవి చేయండి:

- ఆ ఖాతాకు నోటిఫికేషన్ ఆపేయండి.
- నెట్ సరిగా లేనిచోట చదవండి, రాయకండి.
- కంప్యూటర్లో సెట్టింగ్స్‌కు వెళ్లి `Undo Send` గడువును 30 సెకన్లకు పెంచండి. జీమెయిల్ ముందుగా ఇచ్చేది 5 సెకన్లే.

## 8. ముగ్గురు దాటితే

నలుగురైదుగురు అయ్యాక లేబుల్స్ మీద ఆధారపడటం కష్టం. ఎవరో ఒకరు మర్చిపోతారు. అప్పుడు రెండు దారులున్నాయి.

గూగుల్ గ్రూప్స్‌లో `Collaborative Inbox` అనేది ఆన్ చేస్తే ప్రతి సంభాషణను ఒకరికి అప్పగించవచ్చు, పూర్తయినట్టు గుర్తు పెట్టవచ్చు. కానీ సభ్యుల చందా సెట్టింగ్ చూడండి. ప్రతి మెయిల్ కాపీ సొంత ఇన్‌బాక్స్‌కు వెళ్లేలా ఉంటే, వాళ్లు అక్కడి నుంచే జవాబిస్తారు. అప్పగింత ఎవరిదో అక్కడ కనబడదు. సభ్యులందరికీ `No email` పెట్టి, గ్రూప్ పేజీలోనే పనిచేయమనండి.

రెండోది టికెట్ సాఫ్ట్‌వేర్, అంటే కస్టమర్ రాసిన ఒక్కో విషయాన్ని ఒక్కో టికెట్‌గా నడిపేది. ఫ్రెష్‌డెస్క్, జెన్‌డెస్క్, హెల్ప్ స్కౌట్ లాంటివాటిలో ఇంకొకరు అదే టికెట్ చూస్తున్నా, జవాబు రాస్తున్నా స్క్రీన్ మీద తెలుస్తుంది. కొనేముందు డెమోలో మీరే పరీక్షించండి. రెండు కంప్యూటర్లలో ఒకే టికెట్ తెరిచి, రెండింటిలోనూ జవాబు రాసి, ఒకటి పంపండి. తర్వాత రెండోది పంపబోతే ఆపి, ఇప్పుడే ఇంకో జవాబు వెళ్లిందని చెబుతుందా? చెప్పకుండా పంపేస్తే, ఎవరు చూస్తున్నారో చూపించే బొమ్మ ఉన్నా పెద్దగా లాభం లేదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ సొంతంగా చేయించుకునేవాళ్లు అది రాసే కుర్రాళ్లను ఒక్కటే అడగండి, టికెట్ పట్టుకోవడం ఒకే అడుగులో జరుగుతుందా అని. ఖాళీగా ఉందా అని ఒకసారి చదివి, తర్వాత వేరుగా పేరు రాస్తే ఆ మధ్యలో రెండోవాళ్లు దూరతారు. ఇలా ఉండాలి:

```sql
UPDATE tickets SET owner = 'counter'
WHERE id = 512 AND owner IS NULL;
```

మారిన వరుసల సంఖ్య 1 వస్తే టికెట్ మీది. 0 వస్తే అప్పటికే ఇంకొకరు పట్టారు. మన ఇరవై సెకన్ల ఆగడం, గోడ మీది వరుస కలిసి చేసే పనిని ఈ రెండు లైన్లు చేస్తాయి.

## 9. రెండు జవాబులు వెళ్లిపోయాక

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి వెళ్తాయి. అప్పుడు ఇద్దరూ చెరో క్షమాపణ పంపితే నాలుగు మెయిల్స్ అవుతాయి. వరుసలో ముందున్న మనిషి ఒక్కరే రాయాలి. రెండోవాళ్లు ఆ సంభాషణలో తమ లేబుల్ తీసేసి, పంపే పని ఏదైనా మొదలుపెట్టి ఉంటే ఆపాలి. వాపసు డబ్బు, కొరియర్ బుకింగ్ ఈ రెండూ మెయిల్ కన్నా ముందు ఆపాల్సినవి.

రాసే మెయిల్‌లో ఏది నిలబడుతుందో, ఏది రద్దో పేరు పెట్టి చెప్పండి. కరీంనగర్ మేడంకు మేం పంపింది ఇది:

"నమస్తే మేడం. మా వాళ్లు ఇద్దరు వేర్వేరుగా రాయడంతో మీకు రెండు జవాబులు వచ్చాయి, క్షమించండి. 10:55కి వచ్చినదే సరైనది. 4×6 జంపఖానా రేపు మధ్యాహ్నం కొరియర్‌లో వేస్తాం. డబ్బు వాపసు గురించి 11:03కి వచ్చిన మెయిల్‌ను పట్టించుకోకండి. మీ దగ్గరున్న 3×5ను కొరియర్ అబ్బాయే తీసుకెళ్తాడు. ఇకపై ఈ ఆర్డర్ గురించి మీతో గోడౌన్ నుంచే మాట్లాడతారు."

ఒకవేళ రెండు జవాబుల్లో ఒకటి కస్టమర్‌కు ఎక్కువ లాభంగా ఉండి, ఆమె దాన్నే పట్టుకుంటే వాదించకండి. అది మనం రాసిచ్చిన మాట. మేడం సరుకే కావాలన్నది కాబట్టి మాకు ఆ బాధ తప్పింది.